రెన్యువల్ డేట్ దాటాక ఇచ్చే ఆ 30 రోజులు అసలు దేనికి? హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం రికార్డ్ చదివే పద్ధతి

గ్రేస్ పీరియడ్ అనే మాట మన ఇళ్లలోకి ఎల్ఐసీతో వచ్చింది. అక్కడ డ్యూ డేట్ దాటినా నెల రోజులు టైమ్ ఉంటుంది, ఆ నెలలో మనిషికి ఏమన్నా అయినా కట్టాల్సిన ప్రీమియం పట్టుకుని మిగతా డబ్బు ఇంటికి ఇచ్చేస్తారు, ఒకవేళ పాలసీ ల్యాప్స్ అయినా వడ్డీ కట్టి రివైవల్ చేయించుకోవచ్చు. ఈ అలవాటే హెల్త్ పాలసీ దగ్గర కొంప ముంచుతుంది. ఎందుకంటే ఏడాదికోసారి కట్టే హెల్త్ పాలసీలో కూడా 30 రోజుల గ్రేస్ ఉంటుంది, పేరు అదే, రోజులు కూడా అన్నే, కానీ పని మాత్రం వేరు. ఆ 30 రోజుల్లో హాస్పిటల్ బిల్లుకి కవర్ ఉండదు. మరి ఆ గ్రేస్ ఇచ్చేది ఎందుకయ్యా అంటే, మీరు ఇన్నేళ్లు కట్టి సంపాదించుకున్న సీనియారిటీ, అంటే పాత జబ్బులకి కవర్ రావడానికి ఆగాల్సిన కాలంలో ఇప్పటిదాకా గడిచిన లెక్క, పోకుండా కాపాడటానికి. బిల్లు వేరు, సీనియారిటీ వేరు. ప్రీమియం పేమెంట్ రికార్డ్ చదవడం అంటే ఈ రెండిటినీ విడివిడిగా చూడటమే.

ఊరికే చెప్తే అర్థం కాదు కాబట్టి ఒక రికార్డ్ ముందు పెట్టుకుందాం. భార్యాభర్తలు, పదో క్లాస్ చదివే అబ్బాయి, ముగ్గురికీ కలిపి తీసుకున్న ఫ్యామిలీ ఫ్లోటర్. భర్తకి 46 నడుస్తోంది, షుగర్ ఉంది, పాలసీ తీసుకున్నప్పుడే ఆ సంగతి ఫారంలో రాశారు. ఇది ఉదాహరణ కోసం అల్లినదే కానీ యాప్‌లో గానీ రసీదు మీద గానీ లైన్లు దాదాపు ఇలాగే కనిపిస్తాయి:

```
Policy Period    : 12/08/2024 00:00 to 11/08/2025 23:59
First Inception  : 12/08/2022
Premium Mode     : Annual
Renewal Due Date : 11/08/2025

07/08/2024  NACH  24,072.00  SUCCESS
07/08/2025  NACH  26,904.00  FAILED
20/08/2025  UPI   26,904.00  SUCCESS

New Period       : 20/08/2025 17:42 to 19/08/2026 23:59
```

చాలామంది ఇలాంటిది ఓపెన్ చేయగానే చివర్లో ఉన్న సక్సెస్ అన్న మాట చూసి మూసేస్తారు. కట్టేశాం కదా, అయిపోయింది కదా అని. కానీ ఇందులో అసలు కథంతా పాత పీరియడ్ ఎప్పుడు ముగిసింది, కొత్తది ఎప్పుడు మొదలైంది అన్న దగ్గర ఉంది. పాతది ఆగస్టు 11 అర్ధరాత్రికి అయిపోయింది, కొత్తది ఆగస్టు 20 సాయంత్రం 5:42కి మొదలైంది. మధ్యలో ఎనిమిది రోజుల మీద ఇంకో పదిహేడున్నర గంటలు ఆ ఇంట్లో ఎవరికీ ఇన్సూరెన్స్ లేదు. రికార్డ్‌లో ఆ ఖాళీని ఎవరూ ఎర్ర అక్షరాలతో రాసి పెట్టరు, రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని మనమే చూసుకోవాలి.

ముందు ఆ ఫెయిల్ అయిన NACH లైన్, అంటే బ్యాంక్ ఆటో డెబిట్ సంగతి. అకౌంట్‌లో డబ్బు లేక ఫెయిల్ అయిందనుకుంటారు గానీ ఇక్కడ డబ్బు ఉంది. 2024లో అసలు ప్రీమియం 20,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 3,672, మొత్తం 24,072. మరుసటి ఏడాది భర్త వయసు 46లోకి వచ్చి కంపెనీ రేట్ల పట్టికలో తర్వాతి స్లాబ్‌లో పడ్డాడు, అసలు ప్రీమియం 22,800 అయింది, జీఎస్టీ 4,104 కలిపితే 26,904. ఆటో డెబిట్ కోసం బ్యాంకుకి ఇచ్చిన మ్యాండేట్‌లో గరిష్ఠ మొత్తం 25,000 అని ఉంది. ఆ లిమిట్ దాటి ఒక్క రూపాయి అడిగినా బ్యాంక్ ఇవ్వదు, అకౌంట్‌లో లక్ష ఉన్నా సరే. మూడేళ్లు తనంతట తానే కట్ అయిన డబ్బు నాలుగో ఏట ఆగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం, ఆటో డెబిట్ ఉంది కదా అన్న ధీమాతో ఎవరూ పట్టించుకోరు. మెసేజ్ రాదా అంటే వస్తుంది, కానీ పాలసీ రాయించినప్పుడు ఫారంలో ఏజెంట్ తన నంబరు వేసుకుని ఉంటే ఆ మెసేజ్ ఆయన ఫోన్‌కి పోతుంది. ఇది ఎంత కామనో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆగస్టు 20. అబ్బాయికి మూడు రోజులుగా జ్వరం, డెంగీ అని తేలింది, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని మధ్యాహ్నం 2:10కి అడ్మిట్ చేశారు. సాయంత్రం ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర కార్డ్ ఇస్తే అక్కడి అమ్మాయి కంప్యూటర్‌లో చూసి "సార్, పాలసీ 11తోనే అయిపోయింది, యాక్టివ్ చూపించట్లేదు" అంది. తండ్రి అక్కడే నిలబడి యాప్ తెరిచి, గ్రేస్ పీరియడ్‌లో ఉన్నారు అని కనపడగానే ఊపిరి పీల్చుకుని, యూపీఐలో కట్టేశాడు. టైమ్ 5:42. కొత్త పాలసీ పీడీఎఫ్ రెండు నిమిషాల్లో ఫోన్‌కి వచ్చింది. అది డెస్క్‌లో చూపించి క్యాష్‌లెస్ పెట్టించాడు, మర్నాడు రిజెక్ట్ అయి వచ్చింది. డిశ్చార్జ్‌కి 78,000 చేతి నుంచి కట్టుకున్నారు.

ఇందులో కంపెనీ మోసం ఏమన్నా ఉందా అంటే లేదనే చెప్పాలి, మనసుకి ఎంత కష్టంగా ఉన్నా. ఇన్సూరెన్స్ చట్టం 1938లో 64వీబీ అనే సెక్షన్ ఉంది, దాని సారం ఏంటంటే ప్రీమియం ముందుగా చేతికి అందనిదే రిస్క్ తీసుకోకూడదు. ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లో తెచ్చిన రూల్స్‌లో గ్రేస్ పీరియడ్‌కి ఇచ్చిన అర్థం కూడా ఇదే లైన్‌లో ఉంటుంది: కొన్ని జబ్బులకి కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్లు, ముందునుంచీ ఉన్న జబ్బుల కవరేజ్, వీటి కంటిన్యుటీ పోకుండా ప్రీమియం కట్టుకోవడానికి ఇచ్చే గడువు, అంతే. ప్రీమియం అందని రోజులకి కవరేజ్ ఇవ్వాల్సిన పని కంపెనీకి లేదు. అబ్బాయి అడ్మిట్ అయింది 2:10కి, రిస్క్ మొదలైంది 5:42కి. మూడున్నర గంటల తేడా కానీ, మూడున్నర నిమిషాలు అయినా జవాబు అదే.

ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. కొన్ని కంపెనీలు గ్రేస్‌లో కట్టినా కొత్త పీరియడ్‌ని కట్టిన రోజు నుంచి కాకుండా పాత తేదీ నుంచే వేస్తాయి, అంటే షెడ్యూల్‌లో 12/08/2025 నుంచి 11/08/2026 అని నీట్‌గా కనిపిస్తుంది, ఖాళీయే ఉండదు. అది చూసి మధ్యలో అయిన అడ్మిషన్ కూడా కవర్ అవుతుందనుకుంటే పొరపాటే, క్లెయిమ్ వచ్చినప్పుడు వాళ్లు డబ్బు అందిన తేదీ, టైమ్ తీసి చూస్తారు, పాలసీ వర్డింగ్‌లో గ్రేస్‌లో కవరేజ్ లేదని రాసి ఉంటే అదే పట్టుకుంటారు. కాబట్టి పీరియడ్ లైన్ ఒక్కటే నమ్ముకోకుండా రసీదు మీద డబ్బు అందిన తేదీ కూడా చూడాలి. చెక్ ఇచ్చి ఉంటే ఇంకో మెలిక, రసీదు కింద చిన్న అక్షరాల్లో చెక్ క్లియర్ అయితేనే చెల్లుతుంది అని ఉంటుంది, అది బౌన్స్ అయితే ఆ రసీదు కాగితంతో సమానం.

ఏజెంట్ చేతికి డబ్బు ఇచ్చే వాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 10వ తేదీన ఇచ్చాం అని మనం అంటాం, 13న కట్టినట్టు రికార్డ్ ఉంటుంది. ఏజెంట్ వసూలు చేసిన ప్రీమియంని, బ్యాంకు, పోస్టల్ సెలవులు తీసేసి, 24 గంటల్లో కంపెనీకి జమ చేయాలని అదే 64వీబీ చెప్తుంది, తన కమీషన్ కూడా అందులోంచి పట్టుకోకూడదు. రూల్ ఉంది నిజమే, కానీ 10న ఇచ్చినట్టు మన దగ్గర రాతపూర్వకంగా ఏదీ లేకపోతే రూల్ ఉండి ఏం లాభం. యూపీఐలో ఏజెంట్ పర్సనల్ నంబరుకి పంపడం కూడా ఇలాంటిదే, మన స్టేట్‌మెంట్‌లో కట్ అయినట్టు ఉంటుంది, కంపెనీ రికార్డ్‌లో ఆ లైనే ఉండదు. కట్టాల్సింది కంపెనీ పంపిన లింక్‌లోనో యాప్‌లోనో, చూసుకోవాల్సింది బ్యాంక్ సక్సెస్ మెసేజ్ కాదు, కంపెనీ నుంచి రసీదు నంబరు, కొత్త షెడ్యూల్ వచ్చాయా లేదా అన్నది. డబ్బు కట్ అయింది, పాలసీ ఇష్యూ కాలేదు, నాలుగు రోజులకి డబ్బు వెనక్కి వచ్చింది, ఇలాంటివి అవుతూనే ఉంటాయి, ఆ నాలుగు రోజులూ మీరు కవర్‌లో ఉన్నామనే అనుకుంటూ ఉంటారు.

సరే, 78,000 పోయాయి, మరి గ్రేస్ వల్ల ఆ ఇంటికి మిగిలిందేంటి? చాలానే మిగిలింది, అది వెంటనే కళ్లకి కనపడదు అంతే. రికార్డ్‌లో మొదటి పాలసీ తేదీ చూడండి, 12/08/2022. ఈ పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకి 36 నెలల వెయిటింగ్ ఉంది, 2024 రూల్స్ ప్రకారం అంతకన్నా ఎక్కువ పెట్టడానికి కూడా లేదు. 2022 ఆగస్టు 12 నుంచి 2025 ఆగస్టు 11కి సరిగ్గా 36 నెలలు నిండాయి. అంటే తండ్రి షుగర్‌కి కవరేజ్ తలుపు తెరుచుకునేది ఈ రెన్యువల్‌తోనే. ఆయన 20వ తేదీన, అంటే గ్రేస్‌లోనే కట్టాడు కాబట్టి ఆ మూడేళ్లు లెక్కలో ఉండిపోయాయి. నవంబర్‌లో ఆయనకి కాలికి పుండు పడి, షుగర్ వల్ల మానక అడ్మిట్ కావాల్సి వస్తే ఆ క్లెయిమ్‌ని వెయిటింగ్ పీరియడ్ పేరుతో ఆపడానికి కుదరదు. హెర్నియా, కంటి శుక్లాలు లాంటి జాబితా జబ్బులకి ఉండే వెయిటింగ్ కూడా అయిపోయినట్టే లెక్క.

ఇంతకీ గ్రేస్ ఎప్పటిదాకా? ఏడాది పాలసీకి 30 రోజులు. ఆగస్టు 12ని మొదటి రోజుగా లెక్కపెడితే ఆగస్టులో 20 రోజులు, సెప్టెంబర్‌లో 10, మొత్తం 30, అంటే సెప్టెంబర్ 10 ఆఖరు. 30 రోజులంటే నెల కదా అని సెప్టెంబర్ 11 అనుకుంటే ఆగస్టుకి 31 రోజులున్న ఆ ఒక్క రోజు దగ్గర దెబ్బతింటారు. అయినా ఆఖరి రోజు దాకా లాగడం ఎందుకు, ప్రతి రోజూ కవర్ లేని రోజే కదా.

అదే ఆ తండ్రి సెప్టెంబర్ 20న కట్టడానికి వెళ్లి ఉంటే? అప్పుడు యాప్‌లో రెన్యూ బటనే ఉండకపోవచ్చు, కొత్త పాలసీ తీసుకోండి అని వస్తుంది. ల్యాప్స్ అంటే ఇదే. ఎల్ఐసీలోలా పాతదాన్ని వడ్డీతో లేపుకునే హక్కు ఇక్కడ లేదు, ఆలస్యాన్ని మన్నించమని అడిగి చూడొచ్చు, ఒప్పుకోవడం మానడం కంపెనీ ఇష్టం. కొత్త పాలసీ అంటే మళ్లీ ప్రపోజల్ ఫారం, 46 ఏళ్ల వయసులో, షుగర్ ఉందని మళ్లీ రాయాలి, రక్తపరీక్షలు అడగొచ్చు, ప్రీమియం మీద లోడింగ్ పేరుతో అదనంగా వేయొచ్చు, అసలు ఇవ్వమని కూడా అనొచ్చు. పాత పాలసీ నడుస్తున్నంత కాలం క్లెయిమ్ చేశారనో జబ్బు వచ్చిందనో రెన్యువల్ ఆపే వీలు కంపెనీకి లేదు, మనమే చేజేతులా ఆ పాలసీని వదులుకుంటే మాత్రం ఎంచుకునే అవకాశం మళ్లీ వాళ్ల చేతికి ఇచ్చినట్టు.

ఒకవేళ ఇచ్చారే అనుకుందాం. సెప్టెంబర్ 20న మొదలైన కొత్త పాలసీలో మొదటి 30 రోజులు యాక్సిడెంట్‌కి తప్ప దేనికీ కవర్ ఉండదు, అంటే డెంగీ సీజన్ నడుస్తుండగా డెంగీకి కూడా లేనట్టే. షుగర్‌కి 36 నెలలు మళ్లీ మొదటి నుంచి, అంటే 2028 సెప్టెంబర్ దాకా ఆగాలి. నవంబర్‌లో ఆ కాలి పుండు బిల్లు మొత్తం సొంత జేబులోంచే. క్లెయిమ్ చేయనందుకు ఏటా పెరుగుతూ వచ్చిన బోనస్ సున్నా. ఇంకోటి ఎవరూ గుర్తుపెట్టుకోనిది మారటోరియం, 60 నెలలు ఆపకుండా కవర్‌లో ఉంటే ఆ తర్వాత మీరు అప్పట్లో ఫలానాది చెప్పలేదు అని కంపెనీ క్లెయిమ్ ఆపడానికి వీల్లేదు, మోసం అని నిరూపిస్తే తప్ప. వీళ్లు అందులో 36 నెలలు దాటేశారు, ఇంకో 24 ఉంటే అయిపోయేది. ల్యాప్స్ అయితే ఆ మీటర్ కూడా సున్నాకి వస్తుంది. పది రోజుల ఆలస్యానికి మూడేళ్లు పోవడం అంటే ఇదన్నమాట, ఆ పది రోజులు కూడా గ్రేస్ అయ్యాక లెక్కపెట్టిన పది రోజులు.

నెలనెలా, మూడు నెలలకోసారి కట్టే వాళ్లకి కథ కొంచెం వేరుగా ఉంటుంది, ఇక్కడే ఇంకో గందరగోళం. వాయిదాల్లో కట్టే పాలసీకి ఏడాది మధ్యలో ఒక వాయిదా తప్పితే గ్రేస్‌లో కూడా కవరేజ్ ఇవ్వాలని 2024 రూల్స్ చెప్తున్నాయి. నెలవారీ అయితే ఆ గ్రేస్ 15 రోజులే, మిగతా వాటికి 30. పాత పాలసీ డాక్యుమెంట్లు దాచుకున్న వాళ్లు తీసి చూస్తే వాయిదా తప్పిన రోజు నుంచి కట్టే రోజు దాకా కవర్ లేదు అని ఉంటుంది, అది పాత మాట. కాబట్టి రికార్డ్‌లో ప్రీమియం మోడ్ అనే లైన్ మంత్లీనా యాన్యువలా అని చూడకుండా గ్రేస్‌లో ఉన్నాం, కవర్ ఉందా లేదా అన్న ప్రశ్నకి జవాబు చెప్పలేం. పక్కింటాయనకి గ్రేస్‌లో క్లెయిమ్ వచ్చింది, మాకెందుకు రాలేదు అనే గొడవలో చాలాసార్లు తేడా ఆ ఒక్క లైన్‌లోనే ఉంటుంది.

వాయిదాల పాలసీలో రెండు జాగ్రత్తలు. ఒకటి, గ్రేస్ దాటినా వాయిదా కట్టకపోతే ఆ నెల ఒక్కటే కాదు పాలసీ మొత్తం క్యాన్సిల్ అవుతుంది. రెండోది, మధ్యలో క్లెయిమ్ వస్తే ఆ ఏడాదికి మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి కట్టాల్సినవి అయిపోతాయి, కంపెనీ ఆ మొత్తాన్ని క్లెయిమ్ డబ్బులోంచి పట్టుకునే వీలుంది. నెలకి 2,300 చొప్పున కడుతూ నాలుగు నెలలకే క్లెయిమ్ వస్తే మిగతా ఎనిమిది నెలల 18,400 కోసుకుని ఇస్తారు, అది చూసి బిల్లులో కోత పెట్టారని కంగారు పడక్కర్లేదు, సెటిల్‌మెంట్ లెటర్‌లో ఆ లైన్ విడిగా ఉందో లేదో చూసుకుంటే చాలు. అలాగే పన్నెండు వాయిదాలూ అయిపోయి ఏడాది ముగిశాక వచ్చేది మధ్యలో వాయిదా కాదు, అది రెన్యువల్. అప్పుడు మధ్య నెలల్లో దొరికిన కవరేజ్ అలాగే ఉంటుందని లెక్కేసుకోకుండా కట్టేయడమే మేలు.

మళ్లీ మన రికార్డ్‌కి వద్దాం. 20న కట్టాక వచ్చిన కొత్త షెడ్యూల్‌లో ఆ తండ్రి ముందుగా చూడాల్సింది సమ్ ఇన్సూర్డ్ కాదు, మొదటి పాలసీ తేదీ. అక్కడ 12/08/2022 అనే ఉండాలి, పక్కనే పాత పాలసీ నంబరు ఉండాలి. పాలసీ నంబరు ఏటా మారే కంపెనీలు ఉన్నాయి, నంబరు మారినంత మాత్రాన కొత్త పాలసీ అని కాదు. కానీ మొదటి తేదీ 20/08/2025 అని పడితే మాత్రం సిస్టమ్ వీళ్లని కొత్త కస్టమర్‌గా లెక్కేసినట్టు, షుగర్‌కి మళ్లీ 36 నెలలు మొదలైనట్టు. ఇది హడావుడిలో రెన్యూ బదులు కొత్త పాలసీ లింక్ నొక్కితే కూడా అవుతుంది. ఆ రోజే మెయిల్ పెట్టి, పాత షెడ్యూల్, గ్రేస్‌లోనే కట్టిన రసీదు జతచేసి సరిచేయించుకోవాలి, నవంబర్‌లో క్లెయిమ్ టైమ్‌కి గుర్తొస్తే పని పదింతలు. కంపెనీ వినకపోతే బీమా భరోసా పోర్టల్ ఉంది, అప్పటికీ తేలకపోతే రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లకీ హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీస్ ఉంది. రెన్యువల్‌లో కవర్ ఐదు లక్షల నుంచి పదికి పెంచి ఉంటే పెరిగిన ఐదు లక్షలకి మాత్రం వెయిటింగ్ కొత్తగా మొదలవుతుంది, అది తప్పు కాదు.

ఇంకొక్క లైన్ మిగిలింది. ఆ UPI పేమెంట్ ఒక్కసారికి చేసింది, 25,000 లిమిట్ ఉన్న పాత మ్యాండేట్ అలాగే ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి 2026 ఆగస్టులో అసలు ప్రీమియం 22,800 దగ్గరే ఉంటే డెబిట్ లిమిట్ లోపలే ఉండి సాఫీగా పోతుంది. అది 25,000 దాటే రేటుకి కంపెనీ పెంచితే మాత్రం మళ్లీ అదే లైన్, మళ్లీ ఫెయిల్డ్. రెన్యువల్ నోటీసులో అంకె వచ్చిన రోజే మ్యాండేట్ అంకెతో పోల్చుకుని, చాలకపోతే పాతది రద్దు చేసి 40,000కో 50,000కో కొత్తది పెట్టుకోవడం, ఫారంలో ఉన్న ఫోన్ నంబరు తనదేనో ఏజెంట్‌దో చూసుకోవడం, ఈ రెండూ ఆయన జూలైలోనే చేసుకోవాల్సిన పనులు.